లెస్టర్ ఫ్లాటు కరెంటు బిల్లు ఫోటో బరంపురం వచ్చింది: కంపెనీకి ఏమని రాయాలి?

ప్రశ్న: లెస్టర్‌లో ఎమ్మెస్సీ అయ్యాక జూన్ 30న ఫ్లాటు ఖాళీ చేసి బరంపురం వచ్చేశాను. వచ్చేటప్పుడు కరెంటు కంపెనీకి చెప్పలేదు. మార్చి నెలాఖరు దాకా బిల్లు కట్టాను. ఇప్పుడు ఆ ఫ్లాటులో కొత్తగా దిగినతను నా పేరు మీద వచ్చిన ఓవర్‌డ్యూ నోటీసు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాడు, 337.58 పౌండ్లు. "బ్రో, త్వరగా కట్టెయ్" అంటున్నాడు. నాన్నగారు కూడా గొడవెందుకు, కట్టేద్దాం అంటున్నారు. ఇల్లు అప్పగించేటప్పుడు ఏజెంటు రాసిన చెక్-అవుట్ రిపోర్టులో ఆఖరి రీడింగ్ 14642 అని ఉంది. ఫోటో, పాత బిల్లు, రిపోర్టు జత చేశాను. కట్టాలా, ఉత్తరం రాయాలా? కట్టకపోతే రేపు మళ్ళీ వీసాకి ఇబ్బందా?

జవాబు:

మొత్తం కట్టకండి. అలాగని నాకు బాకీయే లేదని కూడా రాయకండి. మీరు జత చేసిన కాగితాల ప్రకారం ఆ బిల్లులో సగానికి కొంచెం తక్కువ మీదే, మిగతాది మీది కాదు. ఉత్తరం ఈ రెంటినీ విడదీసి చూపించాలి. ఒప్పుకోవాల్సిన సొమ్ము ఒప్పుకుని మిగతాది ఎందుకు కాదో అంకెలతో చూపించిన ఉత్తరానికి జవాబు త్వరగా వస్తుంది. "నేను ఇండియా వచ్చేశాను, నాకు సంబంధం లేదు" అని రాస్తే ఆ ఫైలు నేరుగా వసూళ్ళ ఏజెన్సీకి పోతుంది.

ముందు నాన్నగారి మాట. మన బరంపురం వైపు మీటరు మామూలుగా ఇంటివారి పేరు మీద ఉంటుంది, బాకీ కూడా ఇంటిని అంటిపెట్టుకుని ఉంటుంది. పాత బాకీ తీరిస్తేగాని కొత్త కనెక్షన్ ఇవ్వమని పంపిణీ సంస్థ షరతు పెట్టొచ్చని 2023లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అందుకే "ఆ ఇంటి బిల్లు" అన్న లెక్కలో ఆలోచిస్తాం. ఇంగ్లండులో అలా కాదు. అక్కడ బాకీ మనిషిది, ఇంటిది కాదు. ఎవరు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉన్నారో ఆ రోజుల కరెంటుకు వాళ్ళే బాధ్యులు. సంతకం పెట్టకపోయినా, ఇంట్లో దిగి స్విచ్ వేసిన రోజు నుంచే కంపెనీతో ఒప్పందం ఉన్నట్టు లెక్క. దాన్ని అక్కడ డీమ్డ్ కాంట్రాక్ట్ అంటారు. కొత్తగా దిగిన అబ్బాయికి కూడా ఇదే వర్తిస్తుంది. దాని సంగతి కింద చెప్తాను.

ఇప్పుడు ఆ ఫోటో. అతను ముందు పేజీ ఒక్కటే తీశాడు, నోటీసు తేదీ మీద బొటనవేలు పడింది, కింది అంచు తెగిపోయింది. మళ్ళీ తీసి పంపమనండి: పగటి వెలుతురులో, నాలుగు మూలలూ కనపడేలా, ముందూ వెనకా, కవరుతో సహా. వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపమనండి. ఫోటోగా పంపితే సైజు తగ్గి 3, 8 లాంటి అంకెలు కలిసిపోతాయి, ఎప్పుడు తీశారన్న సమాచారం కూడా పోతుంది. కవరు మీ పేరుతో ఉంటే, దాన్ని విప్పడానికి అతనికి మీరు అనుమతి ఇచ్చినట్టు ఒక మెసేజ్ పెట్టండి.

రెండో పేజీ ఎందుకంటే, అది ఏ రకం కాగితమో అక్కడే తేలుతుంది. ఇప్పుడు కనపడుతున్నంతలో ఇది కంపెనీ పంపిన మామూలు రిమైండరే. దానికి కోర్టుతో పని లేదు. కానీ వెనక పేజీలో "లెటర్ ఆఫ్ క్లెయిమ్" అని ఉండి, నింపి పంపాల్సిన రిప్లై ఫారం జత చేసి ఉంటే, జవాబుకు 30 రోజుల గడువు ఉంటుంది. అది దాటితే కోర్టుకు వెళ్ళే దారి వాళ్ళకు తెరుచుకుంటుంది. నిజంగా కోర్టు నుంచే క్లెయిమ్ ఫారం వస్తే గడువు 14 రోజులే. ఆ ఫ్లాటు చిరునామాకు వచ్చిన కాగితం మీ కంట పడకుండానే తీర్పు అయిపోయే ప్రమాదం ఉంది కాబట్టి, ఉత్తరంలో మీ బరంపురం చిరునామా, ఈమెయిలు తప్పకుండా రాయాలి. చాలామంది చిరునామా ఇస్తే వెంటపడతారని దాస్తారు. అది తెలివైన పని కాదు.

ఫోటోలో ఉన్న ఫోను నంబరుకు గానీ, క్యూఆర్ కోడ్‌కు గానీ, బ్యాంకు వివరాలకు గానీ పోకండి. నకిలీ నోటీసులు కూడా తిరుగుతుంటాయి. కంపెనీ వెబ్‌సైటు మీరే టైపు చేసి తెరిచి, మీ పాత బిల్లులో ఉన్న అకౌంట్ నంబరుతో లాగిన్ అవ్వండి. అదే బాకీ అక్కడా కనపడితే నోటీసు అసలుదే.

తర్వాత మీటరు. నోటీసులో రీడింగ్ పక్కన చిన్న అక్షరం ఉంది చూడండి: A అంటే మనిషి వచ్చి గానీ స్మార్ట్ మీటరు పంపి గానీ తీసుకున్న అసలు రీడింగ్, C అంటే వినియోగదారు ఇచ్చింది, E అంటే కంపెనీ ఊహించి వేసింది. మీ మార్చి 31 రీడింగ్ 14210 పక్కన C ఉంది. ఆగస్టు 31 నాటి 15190 పక్కన E ఉంది. అంటే మీరు వెళ్ళిన రెండు నెలల తర్వాత కూడా మీరే ఉన్నట్టు అనుకుని, మీ పాత వాడకాన్ని బట్టి లెక్క వేశారు. అందులో చలికాలం హీటర్ల వాడకం కూడా కలిసి ఉంటుంది. అందుకే రోజుకు 6.4 యూనిట్లు వేశారు. చెక్-అవుట్ రీడింగ్ ప్రకారం ఏప్రిల్ నుంచి జూన్ దాకా మీరు వాడింది రోజుకు 4.7 యూనిట్లే.

ఇంకొకటి సరిచూసుకోండి. బిల్లులో S అనే పెద్ద అక్షరం పక్కన గళ్ళలో సప్లై నంబరు ఉంటుంది. దాని కింది వరుసలోని 13 అంకెలు మీ ఫ్లాటు సప్లై పాయింటు గుర్తు. లెస్టర్ ఈస్ట్ మిడ్‌లాండ్స్ ప్రాంతంలోకి వస్తుంది కాబట్టి అది 11తో మొదలవ్వాలి. మీటరు సీరియల్ నంబరు వేరు, అది మీటరు మీదే అచ్చై ఉంటుంది. చెక్-అవుట్ రిపోర్టులోని మీటరు ఫోటోలో ఉన్న సీరియల్ నంబరు, బిల్లులో ఉన్నది ఒకటేనా చూడండి. పాత పెద్ద ఇళ్ళను ఫ్లాట్లుగా చీల్చిన చోట మెట్ల కింద అల్మారాలో నాలుగైదు మీటర్లు పక్కపక్కనే ఉంటాయి, 2వ ఫ్లాటు మీటరు 3వ ఫ్లాటు పేరున నమోదై ఉండటం అరుదేమీ కాదు. సీరియల్ నంబరు కలవకపోతే మీ సమస్య వేరే. అప్పుడు కింద ఇచ్చిన లెక్క పక్కనపెట్టి, మీటర్లు తారుమారయ్యాయేమో చూడమని మాత్రమే రాయండి. మీరు పంపిన రెండు కాగితాల్లో నంబరు కలుస్తోంది కాబట్టి ముందుకు పోవచ్చు.

లెక్క ఇది. నోటీసు ప్రకారం యూనిట్‌కు 25 పెన్స్, వాడినా వాడకపోయినా పడే స్టాండింగ్ చార్జి రోజుకు 50 పెన్స్, మీద 5 శాతం వ్యాట్. కంపెనీ 980 యూనిట్లకు 245 పౌండ్లు, 153 రోజులకు 76.50, వెరసి 321.50, వ్యాట్‌తో 337.58 వేసింది. మీ వంతు: 14642లోంచి 14210 తీసేస్తే 432 యూనిట్లు, అంటే 108 పౌండ్లు. ఏప్రిల్ 1 నుంచి జూన్ 30 దాకా 91 రోజులు, 45.50. రెండూ కలిపితే 153.50, వ్యాట్ 7.68, మొత్తం 161.18 పౌండ్లు. తేడా 176.40.

ఇక్కడ ఒక చిక్కుంది. ఖాళీ చేసేటప్పుడు మీరు చెప్పలేదు. కనీసం రెండు పనిదినాల ముందు చెప్తే, మీ బాధ్యత వెళ్ళిన రోజుతో ఆగుతుంది. చెప్పకపోతే, ఆలస్యంగా చెప్పిన తర్వాత రెండు పనిదినాలు గడిచే దాకా, లేదా మరొకరు ఆ ఇంటికి వచ్చే దాకా సాగుతుంది, ఏది ముందైతే అది. అందుకే కొత్త అబ్బాయి ఏ తేదీన దిగాడన్నది మీకు ముఖ్యం. ఉదాహరణకు అతను జూలై 5న దిగాడనుకోండి, ఆ రోజు అతని చెక్-ఇన్ రిపోర్టులో రీడింగ్ 14646 అనుకోండి. మధ్యలో నాలుగు రోజుల స్టాండింగ్ చార్జి, ఫ్రిజ్ తిన్న 4 యూనిట్లు, వ్యాట్‌తో కలిపి 3.15 పౌండ్లు. అప్పుడు మీ బాకీ 164.33 అవుతుంది. జూన్ 30 నుంచి ఇల్లు ఓనరు చేతిలో ఉందని వాదించొచ్చు గానీ, మూడు పౌండ్ల కోసం మూడు వారాలు ఉత్తరాలు నడపడం దండగ. అడిగితే ఇచ్చేయండి.

అతని రీడింగ్ దొరికితే ఇంకో లాభం. మీ 14642, అతని 14646 పక్కపక్కన పెడితే, మధ్యలో 15190 ఎక్కడా ఇమడదు. రెండు వేర్వేరు రిపోర్టుల్లో ఉన్న రీడింగులు ఒకదానికొకటి సాక్ష్యం.

కానీ అతన్ని అడిగేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. అతను మీకు ఫోటో పంపి మేలు చేశాడు, నిజమే. అయితే మీరు మొత్తం కట్టేస్తే, అతను వాడిన జూలై, ఆగస్టు కరెంటు కూడా మీ ఖాతాలోనే తీరిపోతుంది. అతను కావాలని అలా అంటున్నాడని నేను అనడం లేదు. చాలామంది కుర్రాళ్ళకు దిగిన రోజే కంపెనీకి చెప్పి ఖాతా తెరవాలని తెలియదు. "నా పేరు తీసేయిస్తున్నాను, నువ్వు దిగిన తేదీ నుంచి నీ ఖాతా తెరుచుకో, లేకపోతే రేపు 'ఆక్యుపైయర్' పేరున నీకే వస్తుంది" అని మర్యాదగా చెప్పండి. అతను సాయం చేయకపోయినా ఫరవాలేదు. మీ చెక్-అవుట్ రిపోర్టు, అద్దె ఒప్పందం ముగిసిన తేదీ, డిపాజిట్ తిరిగి వచ్చిన ఈమెయిలు చాలు.

ఉత్తరం మీరే రాయాలి, మీ ఖాతాలో ఉన్న పేరుతోనే. బిల్లులో ఇంటిపేరు ఏ చివర ఉందో మీరూ అలాగే రాయండి. మన ఇంటిపేరు ముందుంటుంది, వాళ్ళ కంప్యూటరులో వెనకుంటుంది, ఈ తేడాతో ఖాతా దొరకలేదని జవాబు వచ్చిన సందర్భాలున్నాయి. నాన్నగారు గానీ అన్నయ్య గానీ మీ తరఫున మాట్లాడితే వాళ్ళకు వివరాలు చెప్పరు, డేటా రక్షణ నియమం అడ్డం వస్తుంది. ఇంగ్లీషులో ఈ వరుసలోనే, చిన్న చిన్న వాక్యాల్లో పెట్టండి:

"విషయం: ఖాతా నంబరు ఫలానా, ఫ్లాటు చిరునామా ఫలానా. ఫార్మల్ కంప్లైంట్, ఆఖరి బిల్లు కోసం విన్నపం.

మీరు పంపిన, 337.58 పౌండ్ల బాకీ చూపిస్తున్న నోటీసు నాకు ఫోటో రూపంలో సెప్టెంబరు ఫలానా తేదీన అందింది. నేను ఆ ఫ్లాటులో జూన్ 30 దాకా మాత్రమే అద్దెకున్నాను. ఖాళీ చేసేటప్పుడు మీకు తెలియజేయలేదు, అది నా పొరపాటు. దయచేసి ఈ ఉత్తరాన్ని ఆ సమాచారంగా తీసుకోండి.

మీ బిల్లులో ఆగస్టు 31 నాటి రీడింగ్ 15190, అది అంచనా మాత్రమే. జూన్ 30న లెటింగ్ ఏజెంటు తీసిన అసలు రీడింగ్ 14642. మీటరు సీరియల్ నంబరు కనపడుతున్న ఫోటో జతచేశాను. మార్చి 31 రీడింగ్ 14210 మీ దగ్గరే ఉంది.

దాని ప్రకారం 432 యూనిట్లు, 91 రోజులు, వ్యాట్‌తో 161.18 పౌండ్లు నేను బాకీ ఉన్నానని ఒప్పుకుంటున్నాను. మిగిలిన 176.40 పౌండ్లు నావి కావు. జూన్ 30తో ముగిసే ఆఖరి బిల్లు ఇప్పించండి. వివాదం తేలేదాకా వసూలు చర్యలు ఆపి ఖాతాను హోల్డులో పెట్టండి, ఏ ఏజెన్సీకీ అప్పగించకండి.

ఇకపై ఉత్తరాలు ఈ ఈమెయిలుకు, ఈ చిరునామాకు పంపండి."

కింద మీ పేరు, బరంపురం చిరునామా పిన్‌కోడ్‌తో, ఈమెయిలు. దీనికి మించి ఏమీ రాయకండి. ఉద్యోగం రాలేదని, డబ్బుకు ఇబ్బందని రాస్తే ఉత్తరం వాయిదాల విభాగానికి పోతుంది, లెక్క సరిదిద్దే విభాగానికి పోదు. ఇంటర్‌నెట్‌లో కనపడే 12 నెలల బ్యాక్‌బిల్లింగ్ నియమం కూడా ఇందులోకి లాగకండి. అది ఏడాది దాటిన కరెంటుకు ఆలస్యంగా బిల్లు వేసినప్పుడు పనికొస్తుంది, మీది అయిదు నెలల బిల్లే. సంబంధం లేని నియమం రాస్తే, ఆ ఒక్క వాక్యానికే జవాబిచ్చి మిగతాది వదిలేస్తారు.

జతచేయాల్సినవి నాలుగే: నోటీసు ఫోటో రెండు వైపులా, చెక్-అవుట్ రిపోర్టులో మీటరు ఉన్న పేజీ, అద్దె ఒప్పందం ముగింపు తేదీ కనపడే పేజీ, మార్చి బిల్లు. అన్నీ ఒకే పీడీఎఫ్‌గా చేసి, కంపెనీ వెబ్‌సైటులో కంప్లైంట్ ఫారం ద్వారా గానీ అక్కడ ఇచ్చిన ఈమెయిలుకు గానీ పంపండి. ఫారంలో పంపితే సబ్మిట్ చేసేముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి, వచ్చిన రిఫరెన్సు నంబరు రాసిపెట్టుకోండి. 0800తో మొదలయ్యే టోల్‌ఫ్రీ నంబర్లు ఇక్కడి నుంచి చాలాసార్లు కలవవు. చాట్ పెట్టుకుంటే, ఇప్పుడు వాళ్ళ ఉదయం 9 మనకు మధ్యాహ్నం 1:30. అక్టోబరు ఆఖరి ఆదివారం తర్వాత 2:30 అవుతుంది. స్పీడ్ పోస్టులో కాగితం పంపడం తప్పు కాదు గానీ అవసరం లేదు.

ఉత్తరంలో "ఫార్మల్ కంప్లైంట్" అన్న మాట ఎందుకంటే, ఆ మాట పడ్డ రోజు నుంచే గడియారం మొదలవుతుంది. ఎనిమిది వారాల్లో తేల్చకపోయినా, అంతకుముందే ఇక మేం చేసేదేం లేదని డెడ్‌లాక్ లెటర్ ఇచ్చినా, కరెంటు కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చే ఎనర్జీ ఆంబుడ్స్‌మన్‌కు వెళ్ళొచ్చు. వినియోగదారుకు ఖర్చు ఉండదు. అతను చెప్పింది మీరు ఒప్పుకుంటే, కంపెనీ అమలు చేయాల్సిందే.

161.18 ఎప్పుడు కట్టాలి? నా ఉద్దేశంలో ఉత్తరం పంపిన రోజే, ఖాతా లాగిన్ పేజీ నుంచి. మీ ఇంగ్లండు బ్యాంకు ఖాతా ఇంకా ఉంటే దాంట్లోంచి కట్టండి. లేకపోతే విదేశీ లావాదేవీలు ఆన్ చేసిన కార్డుతో. ఒప్పుకున్న సొమ్ము కట్టేశాక, వాళ్ళు ఏజెన్సీకి ఇవ్వాలన్నా చేతిలో మిగిలేది వివాదంలో ఉన్న 176.40 మాత్రమే, దానికి మీ కంప్లైంటు ముందే ఉంది. కట్టిన రసీదు అదే రిఫరెన్సు నంబరుతో ఇంకో ఈమెయిలుగా పంపి, "ఒప్పుకున్న మొత్తం చెల్లించాను, మిగతా మొత్తాన్ని ఒప్పుకోవడం లేదు" అని ఒక్క వాక్యం రాయండి. మాట లేకుండా కడితే వాళ్ళు దాన్ని పాత బాకీలో కొంత వచ్చిందని జమ చేసుకుని ఊరుకుంటారు.

వీసా గురించి: ఒక ప్రైవేటు కంపెనీకి ఉన్న కరెంటు బాకీ వల్ల మాత్రమే వీసా తిరస్కరించరు. వాళ్ళు చూసేది 500 పౌండ్లు, అంతకు మించిన ఆసుపత్రి బాకీలు, అంటే ఎన్‌హెచ్‌ఎస్ చార్జీలు; ఇంకా వీసాలు చూసే హోం ఆఫీసుకు చెల్లించాల్సిన కోర్టు ఖర్చులు. కాకపోతే క్రెడిట్ రికార్డులో బాకీ ఎగవేసినట్టు గుర్తు పడితే, మళ్ళీ అక్కడికి వెళ్ళినప్పుడు అద్దె ఇల్లు, ఫోను కాంట్రాక్టు దొరకడం కష్టమవుతుంది.

ఆఖరి బిల్లు వచ్చాక మూడు చూడండి: ముగింపు తేదీ జూన్ 30 గానీ అతను దిగిన ముందు రోజు గానీ అయ్యుండాలి, ఆఖరి రీడింగ్ పక్కన E పోయి C గానీ A గానీ ఉండాలి, బాకీ సున్నా చూపాలి. E ఇంకా ఉంటే ఎవరో మొత్తం మాత్రం తగ్గించి రీడింగ్ వదిలేశారన్నమాట. వచ్చే నెల అదే ఖాతాలో మళ్ళీ బిల్లు పుడుతుంది, కాబట్టి ఖాతా మూసేసినట్టు రాతపూర్వకంగా తెప్పించుకోండి.